మంచం కింది నీడ

మెర్లిన్‌కు కోపం ముక్కు మీదే ఉంటుందని అల్లూరులో ఆమెను ఎరిగినవాళ్లంతా అంటారు. అబద్ధమేమీ కాదు. పెళ్లి ఆల్బమ్‌లో పెళ్లికొడుకు మొహం మీద నీడ ఎడమకు పడి, పక్కనే ఉన్న పెళ్లికూతురి మొహం మీద కుడికి పడితే చాలు, ఆ ఆల్బమ్ చేసినవాడెవడో వాణ్ణి ఏడు తరాల దాకా కడిగి ఆరేసేది. పిలిచిన పెళ్లికి పోయి, బంతిలో కూర్చుని, స్టేజీ వెనక ఫ్లెక్సీకేసి చూసి, "ఎవడబ్బా ఇది చేసింది, వాళ్లూళ్లో సూర్యుళ్లు ఇద్దరుండారా?" అని గట్టిగానే అడిగేది. పక్కనున్నవాళ్లు వినబడనట్టు తలలు వంచుకుని అన్నం కలుపుకునేవాళ్లు.

ఆ కంటికి అంత పదును ఊరికే రాలేదు. ఇంటర్ తప్పిన ఏడు అల్లూరు బజారులో పద్మనాభయ్య గారి ఫోటో స్టూడియోలో చేరింది. మొదటి రెండేళ్లూ ఆమె చేసిన పని చనిపోయినవాళ్లకు కోటు తొడగడం. ఆధార్ కార్డులోనో రేషన్ కార్డులోనో ఉన్న మొహాన్ని తీసి, కోటూ టైలతో ఉన్న ఒంటి మీద పెట్టి, పటం కట్టడానికి ఇవ్వాలి. మొహం అతికించినంత మాత్రాన మనిషి తయారైపోడు. గడ్డం కింద, కాలరు అంచున నీడ పడాలి. అది పడకపోతే తలకాయ తెచ్చి కోటు మీద నిలబెట్టినట్టుంటుంది. "ముందు నీడ చూడు పాపా, మొహం తర్వాత. మనుషులకు నీడ కనపడదు, కానీ అది తప్పితే మాత్రం తెలిసిపోతుంది," అనేవాడు పద్మనాభయ్య. ఆ ఒక్క మాట ఆమె గుండెలో మేకులా దిగింది.

పెళ్లయ్యాక నెల్లూరు చేరింది. భర్త మాథ్యూ రొయ్యల మేత కంపెనీ మనిషి. పొద్దున బండెక్కితే తోటపల్లి గూడూరు దాకా చెరువులన్నీ తిరిగి చీకటి పడ్డాకే ఇల్లు చేరేవాడు. మెర్లిన్ ఒక మేడ మీద చిన్న గది తీసుకుని, తలుపు మీద 'మెర్లిన్ డిజైన్స్' అని రాయించుకుంది. ఆల్బమ్‌లు చేసింది, ఫ్లెక్సీలు చేసింది. ఫోన్లు వచ్చి ఆల్బమ్‌ల నోట్లో మట్టి కొట్టాక, ఊరి చుట్టూ లేచిన అపార్ట్‌మెంట్లు ఆమెను ఆదుకున్నాయి.

ఖాళీ గది ఫోటో ఫ్లాటు కొనేవాడి కంటికి ఆనదు. నాలుగు గోడలు, ఒక కిటికీ, అంతే. అదే గదిలో మంచం, పక్కన చిన్న బల్ల, దాని మీద ఒక దీపం కనిపిస్తే కొనేవాడు ఆ మంచం మీద తాను పడుకున్నట్టే ఊహించుకుంటాడు. ఆ మంచాన్నీ బల్లనూ ఫోటోలో వేసిపెట్టడమే మెర్లిన్ పని. నిజం మంచం ఒక్కటీ మెట్లెక్కదు. అంతా కంప్యూటర్‌లోనే.

ఆ పనిని ఆమె చేసే తీరు వేరు. ఎవరు ఫోటో పంపినా మొదటి ప్రశ్న, "నేల మీద టైల్ ఎంత?" అనే. రెండడుగుల టైల్ అని తెలిస్తే గది నేలంతా ఆమెకు కొలబద్ద అయిపోయినట్టే. టైల్స్ మధ్య గీతలు దూరం పోయేకొద్దీ దగ్గరవుతాయి కదా, వాటిని పొడిగించుకుంటూ పోతే అన్నీ ఒకచోట కలుస్తాయి. ఆ చోటు ఎత్తు చూస్తే ఫోటో తీసినవాడు ఫోను ఎంత ఎత్తున పట్టుకున్నాడో తెలుస్తుంది. అప్పుడు ఆరడుగుల వెడల్పు మంచమంటే అది ఉన్నచోట సరిగ్గా మూడు టైల్స్ మీద కూర్చోవాలి. ముందున్న టైల్ పెద్దదిగా, వెనకున్నది చిన్నదిగా కనబడినా లెక్క మాత్రం మూడే. మూడు కాకుండా రెండున్నర మీద కూర్చోబెడితే మంచం చిన్నదవదు, గది పెద్దదవుతుంది. చూసేవాడికి మంచం ఎంతుంటుందో తెలుసు, గది ఎంతుందో తెలియదు కాబట్టి.

ఆ తర్వాత నీడ. దీనికి ఆమె మంచానికి పట్టేదానికంటే ఎక్కువ సేపు పట్టేది. కిటికీ ఎటుంటే నీడ దానికి ఎదురు వైపుకు పడాలి. మంచం కోడు నేలను తాకేచోట సన్నగా, ముదురుగా ఉండాలి. కోడును వదిలి దూరం పోయేకొద్దీ పలచబడి, అంచులు చెదిరిపోవాలి. నల్లరంగు పూస్తే మసి పూసినట్టుంటుంది, అందుకని టైల్ రంగునే ముదురు చేసి, కింద టైల్ గీతలు కనపడేటట్టు పరిచేది. నున్నటి టైల్ అయితే మంచం కోడు తలకిందులుగా కొద్దిగా మెరవాలి కూడా. ఇవన్నీ అయ్యాక కుర్చీలో వెనక్కి వాలి, కళ్లు సగం మూసుకుని చూసి, "నిలబడింది" అనుకునేది. ఫోటో కింద మూలన తన పేరు వేసేది.

ఇక కిషోర్ బాబు సంగతి. తోటపల్లి గూడూరు రోడ్డులో లేచిన ఒక అయిదంతస్తుల అపార్ట్‌మెంట్‌కు అమ్మకాల మనిషి అతను. ఇస్త్రీ చొక్కా, చేతిలో రెండు ఫోన్లు, నోట్లో ఎప్పుడూ 'మేడమ్'. ఆ మేడమ్‌లో మర్యాద ఆవగింజంత కూడా ఉండేది కాదు. మొదటి రోజు నుంచీ ఇద్దరికీ పడలేదు.

"టైలెంతైతే మీకేం మేడమ్? మీరు మంచం వేయండి, చాలు," అన్నాడు మొదటి ఫోటో పంపినప్పుడే.

"టైలెంతో చెప్పకుండా నేను మంచం వేసేది లేదు. మీకంత తొందరగా ఉంటే మీ ఇంటి మంచం మోసుకుపోయి ఆడ పెట్టి ఫోటో తీసుకోండి," అంది మెర్లిన్.

చచ్చినట్టు కొలిచి చెప్పాడు. రెండడుగుల టైల్. ఒక్క పడకగది ఫ్లాట్లవి, ఆ గది లోపలి వెడల్పు నాలుగున్నర టైల్స్, అంటే తొమ్మిదడుగులు. కాగితాల్లో మాత్రం గోడల మందం కలుపుకుని పదిన్నర అని అచ్చేశారు. మెర్లిన్ ఆరడుగుల మంచం వేసింది. ఒక పక్క గోడకు ఆనించి వేస్తే రెండో పక్క మూడడుగులు మిగిలింది. ఉన్నదున్నట్టు ఉంది. కిషోర్ బాబు మొహం మాడిపోయింది.

"ఏంది మేడమ్ ఇది, గది అగ్గిపెట్టె మాదిరి ఉండాది?"

"గది అట్టనే ఉండాది గనక."

"మంచం కొంచెం తగ్గించండి."

"తగ్గించను. మీ బిల్డర్ గోడ జరిపితే నేనూ మంచం జరుపుతా."

అతను ఇంకేమీ అనలేదు. ఆ అనకపోవడమే ఆమెకు అనుమానం కలిగించి ఉండాల్సింది. మర్నాడు ఎంతో వినయంగా, "సరే మేడమ్, అట్టనే కానీండి. బ్రోచర్ వాళ్లు రంగులు సరిచేసుకుంటారంట, ఓపెన్ ఫైల్ ఇవ్వండి," అని అడిగాడు. ఓపెన్ ఫైల్ అంటే గది ఒక పొర, మంచమూ బల్లా ఒక పొర, నీడ ఒక పొర, విడివిడిగా ఉండే ఫైలు. ఏ పొరనైనా కదిలించవచ్చు. ఎందుకు అడుగుతున్నాడో తెలియనంత అమాయకురాలు కాదు మెర్లిన్. కానీ ఆ పూట ఇంకో మూడు గదుల పని చేతిలో ఉంది, అతనితో మళ్లీ గొంతు చించుకునే ఓపిక లేదు. పంపేసింది.

నాలుగు రోజులకు ఫోటోగ్రాఫర్ల వాట్సాప్ గ్రూపులో ఒక ఫోటో వచ్చి పడింది. ఆమె గదే. ఆమె మంచమే. ఎవరో మంచం కోళ్ల చుట్టూ ఎర్రగీత గీసి, కింద రాశారు: "ఈ మంచానికి రెక్కలు వచ్చినాయి." ఇంకొకడు, "దేవదూతలు పడుకునే మంచమబ్బా," అన్నాడు. మూలన మాత్రం 'మెర్లిన్ డిజైన్స్, నెల్లూరు' అని ముత్యాల్లాంటి అక్షరాలు.

ఒక్క చూపుకే తెలిసిపోయింది ఆమెకు. కిషోర్ బాబు మంచం పొరను పట్టుకుని నూటికి ఎనభై వంతులకు కుదించాడు. నీడ పొరను ముట్టుకోలేదు. వేరే పొరలో ఉందని ఆ మహానుభావుడికి తెలియలేదు. మంచం చిన్నదై కోళ్లు పైకి లేచాయి. నీడ ఎక్కడిదక్కడే, ఆరడుగుల మంచానికి పరిచినంత మేరా నేల మీద పడి ఉంది. మంచం తలవైపు గోడకు కూడా ఎడం వచ్చింది. పదిహేనేళ్లుగా ఊళ్లోవాళ్ల పనులకు వంకలు పెట్టిన మనిషి. ఇప్పుడు ఊరంతా ఆమె పేరు మీద వేలు పెట్టి చూపిస్తోంది. ఒళ్లు భగ్గున మండింది.

ఫోన్ తీసి కిషోర్ బాబుకు చేసింది. అటునుంచి అతను నింపాదిగా విన్నాడు.

"గది పెద్దదిగా కనబడతా ఉండాది గదా మేడమ్, మాకదే కావాల్సింది. జనం ఫోన్లు చేస్తా ఉండారు. మీకెందుకు బాధ?"

"తీసెయ్యండి దాన్ని. లేదంటే నా పేరు తీసెయ్యండి."

"రెండూ తియ్యను. మీ పేరుంటేనే మీ చర్చి సంఘపోళ్లు, అల్లూరోళ్లు నమ్ముతారు. మంచం నాది, నా ఇష్టం. నీడ బాగలేకపోతే మీరే సరిచేసుకోండి, నేనేమన్నా వద్దన్నానా?"

ఇక్కడ ఆగి చెప్పుకోవాల్సింది ఉంది. అప్పుడు మెర్లిన్ చేయగల పనులు చాలానే ఉన్నాయి. నేను చేసిన ఫోటో ఇదీ, ఇది కాదు అని అదే గ్రూపులో అసలుది పెట్టవచ్చు. బిల్డర్ దగ్గరికే పోయి తగువు పెట్టుకోవచ్చు. ఆ రెండూ ఆమెకు తోచకపోలేదు. కానీ కంటి ముందర స్క్రీన్ మీద ఆ మంచం గాల్లో వేలాడుతోంది. దాన్ని అలా చూస్తూ అర నిమిషం కూర్చోలేకపోయింది. ఎవరి పిచ్చి వాళ్లకానందమంటారే, ఆమె పిచ్చి అది. అతని దగ్గర్నుంచి ఆ ఫైలు తెప్పించుకుని తెరిచింది.

కుదించిన మంచాన్ని తలవైపు గోడకు ఆనించింది. పాత నీడ తుడిచేసింది. కొత్త కోళ్లు నేలను ఆనేచోట ముదురు గీత వేసింది. కిటికీకి ఎదురుగా పలచగా చెదరగొట్టింది. టైల్ మీద కోడు మెరుపు కూడా దించింది. మంచం రెండున్నర టైల్స్ మీద కూడా లేదని చూస్తూనే ఉంది. ఆ లెక్క తనది కాదు, కిషోర్ బాబుది అనుకుంది. గంటలో పని అయిపోయింది. వెనక్కి వాలి, కళ్లు సగం మూసి చూసింది. నిలబడింది. పాడు మంచం, ఎంత చక్కగా నిలబడిందని. పంపి, దాని వెంబడే ఒక వాయిస్ మెసేజ్ కూడా పెట్టింది. కోపం తీరక, గర్వం ఆగక పెట్టిన మెసేజ్ అది. ఆ సాయంత్రం గ్రూపులో ఎవరూ నవ్వలేదు, ఆమెకు అది చాలు.

రెండు నెలలు గడిచాయి.

లిల్లీది కూడా అల్లూరే. స్టాఫ్ నర్సు. మెర్లిన్ చిన్నప్పుడు సండే స్కూల్లో బైబిల్ వాక్యాలు వల్లెవేయించిన మనిషి. మెర్లిన్ ఆమెను 'లిల్లీ అక్కా' అనే పిలుస్తుంది. లిల్లీ భర్త ఆనందబాబుకు కిందటేడు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి, కుడికాలు పడిపోయాయి, మాట ముద్దగా వస్తుంది. ఫిజియోథెరపీకి వారంలో మూడు రోజులు అల్లూరు నుంచి నెల్లూరు తిప్పడం ఆమె వల్ల కాలేదు. ఊళ్లో ఉన్న స్థలం అమ్మేసి నెల్లూరులో ఫ్లాట్ కొనుక్కుంది. ఏ ఫ్లాటో మెర్లిన్‌కు తెలియదు. ప్రార్థన కూడికలో ఎవరో, "లిల్లమ్మ ఇల్లు కొనింది," అంటే సంతోషించింది కూడా.

గురువారం పదకొండు గంటలప్పుడు లిల్లీ ఫోన్ చేసింది.

"మెర్లిన్, తోటపల్లి గూడూరు రోడ్డులో అపార్ట్‌మెంట్, మూడో అంతస్తు. రా."

"ఏందక్కా, ప్రార్థన పెట్టుకున్నారా?"

"ప్రార్థన కాదు. రా."

అది కిషోర్ బాబు అమ్ముతున్న అపార్ట్‌మెంటేనని మెర్లిన్‌కు తెలిసిపోయింది. బ్యాగులో ల్యాప్‌టాప్ పెట్టుకుంది. అసలు ఫోటో అందులో ఉంది. తప్పెవరిదో చూపించి ఆ కిషోర్ బాబు బండారం బయట పెట్టేస్తానని దారి పొడుగునా పళ్లు నూరుకుంటూనే వెళ్లింది.

హాల్లో సామానంతా మూటలుగా పడి ఉంది. కిటికీ పక్కన చక్రాల కుర్చీలో ఆనందబాబు కూర్చుని ఉన్నాడు. ఒళ్లో తువ్వాలు. కిషోర్ బాబు గోడకానుకుని ఫోన్ చూసుకుంటున్నాడు. లిల్లీ పడకగది గుమ్మంలో నిలబడి ఉంది. 'రామ్మా' అనలేదు, 'కూర్చో' అనలేదు.

"చూడు," అంది.

మెర్లిన్ చూసింది. కిటికీ, నేల, అన్నీ ఆమె కంప్యూటర్‌లో రోజుల తరబడి చూసినవే. ఒక గోడకు ఆనించి ఆసుపత్రి మంచం, అటూ ఇటూ ఇనుప కడ్డీలతో. దాన్ని ఆనుకునే లిల్లీ పడుకునే ఒంటి మంచం. ఇవతల గోడకు మూడడుగులు కూడా మిగల్లేదు.

"రెండు మంచాల మధ్యన కుర్చీ పడుతుందని కదా నేను కొనింది," అంది లిల్లీ. "ఆయన మంచానికీ నా మంచానికీ మధ్యన కుర్చీ పెట్టి, నేను పక్కన నిలబడి ఎత్తి పడుకోబెట్టాలి. రాత్రిపూట ఉమ్మి మింగుడు పడక ఉక్కిరిబిక్కిరి అవుతాడు. నేను అదే గదిలో ఉండాల. వేరే గదిలో పడుకుంటే నాకు వినపడదు. ఆ ఫోటోలో అంత పెద్ద మంచం పక్కన అంత జాగా కనపడతా ఉంటే, దాని బదులు రెండు చిన్న మంచాలేసి నడుమ కుర్చీ పెట్టుకోవచ్చని లెక్కేసుకున్నాను. టేపు పట్టి కొలుచుకోవాలని నాకు తోచలా. ఖాళీ గది ఒకసారి చూసినా తేడా తెలియలా, ఫోటోలో చూసినాను గదా అనుకున్నాను."

కిషోర్ బాబు ఫోన్ మీంచి తల ఎత్తాడు.

"నేను ముందే చెప్పినాను మేడమ్, ఫోటో వాళ్లు చేస్తారు, మాకు సంబంధం లేదని. కింద చిన్న అక్షరాల్లో ఊహాచిత్రం అని కూడా ఉండాది. ఫోటో ఎవరు చేసినారో పేరుండాది. వాళ్లనే అడగండి."

"ఆడలేక మద్దెల ఓడన్నాడంట నీలాంటోడే," అంది మెర్లిన్. నేల మీదే కూర్చుని ల్యాప్‌టాప్ తెరిచింది. "అక్కా, ఇట్రా. ఇది నేను చేసిన ఫోటో. ఈ మంచం కింద టైల్స్ లెక్కపెట్టు. ఒకటి, రెండు, మూడు. ఇంక గోడ దాకా ఒకటిన్నర. ఇప్పుడు ఈ గదిలో లెక్కపెట్టు."

లేచి, గది నేల మీద బొటనవేలుతో టైల్ టైల్‌నూ తడుతూ లెక్కపెట్టింది. "నాలుగున్నర. తొమ్మిదడుగులు. నేను తొమ్మిదే చూపించినాను. ఈయన తీసుకుపోయి మంచాన్ని కుదించినాడు. కుదించి నా పేరు పెట్టుకున్నాడు. గ్రూపులో అందరూ చూసినారు, మంచం గాల్లో తేలింది, నీడ కింద ఉండిపోయింది. ఇదిగో ఆ ఫోటో కూడా ఉండాది."

లిల్లీ వంగి స్క్రీన్ చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత, "ఇది నాకూ పంపినాడు," అంది.

"చూశావా మరి?"

"చూసినాను. చూసి, ఇందులో ఏదో దగా ఉండాది అనుకున్నా. ఏందో నాకు తెలియలా, కానీ నమ్మబుద్ధి కాలా. ఆయన కూడా చూసి తల అడ్డంగా ఊపినాడు. వద్దులే అనుకున్నాం." లిల్లీ తన ఫోన్ తీసి ఇంకో ఫోటో చూపించింది. "వారం తిరగకముందే ఇది పంపినాడు. ఇది చూసి నమ్మినాము. ఇది ఎవరు చేసినారు?"

మెర్లిన్ ఫోన్ దగ్గరికి లాక్కుని చూసింది. కోళ్ల కింద ముదురు గీత, కిటికీకి ఎదురుగా పలచబడిన నీడ, టైల్ మీద మెరుపు. ప్రపంచంలో ఎక్కడ కనపడినా తన చేతి పని అని చెప్పగలదు. అబద్ధం చెబుదామా అని ఒక్క క్షణం అనిపించింది, ఆ అనిపించడానికే సిగ్గు వేసింది.

కిషోర్ బాబు ఆ తీరిక కూడా ఇవ్వలేదు. రెండు ఫోన్లలో ఒకటి చేతిలోకి తీసుకుని, వెతికి, శబ్దం పెంచి పట్టుకున్నాడు. హాలంతా మెర్లిన్ గొంతు మోగింది. కోపంగా, కులాసాగా.

"కిషోర్ బాబు గారూ, నీడ సరిచేసి పంపినాను, చూసుకోండి. ఇప్పుడు మంచం నేల మీద నిలబడింది. ఇంక ఎవడూ వేలు పెట్టి చూపించలేడు. మంచం ఎంతనేది మీ ఇష్టం, మీ పాపం. నీడ మాత్రం నాది."

మెసేజ్ అయిపోయింది. కింద రోడ్డు మీద రొయ్యల లారీ ఒకటి హారన్ కొట్టుకుంటూ పోయింది.

"నేను దొంగనే అనుకోండి," అన్నాడు కిషోర్ బాబు, ఫోన్ జేబులో పెట్టుకుంటూ. "నా దొంగతనం పసిపిల్లలు కూడా పట్టుకునేటట్టు ఉండె. పట్టుకోకుండా చేసింది ఎవరో మీరే విన్నారు. బిల్డర్‌తో మాట్లాడాలంటే ఆఫీసుకు రండి." చెప్పులేసుకుని మెట్లు దిగిపోయాడు. అతన్ని ఆపడానికి ఎవరూ కదల్లేదు.

"అక్కా, నీ ఇల్లని నాకు తెలియదు," అంది మెర్లిన్.

"నాది కాకపోతే ఇంకెవరిదో. వాళ్లింట్లో జబ్బు మనిషి ఉండకూడదా?"

"నా పేరు వేసి అట్టాంటి పాడు పని ఊరంతా తిప్పినాడక్కా. నా కడుపు మండిపోయింది. నీడ ఒక్కటే గదా సరిచేస్తున్నా అనుకున్నాను."

"నీ పేరు చూసే కొన్నాను," అంది లిల్లీ. ఆమె గొంతు పెరగలేదు. పెరిగి ఉంటే మెర్లిన్‌కు కాస్త నయంగా ఉండేది. "మన మెర్లిన్ చేసింది, అది ఒకర్ని మోసం చెయ్యదు, తిడితే తిడుతుంది గానీ అని ఆయనతో చెప్పినాను. నీకు వాక్యాలు నేర్పిన నోటితోనే చెప్పినాను."

మెర్లిన్‌కు ఏడుపు వచ్చింది. రానివ్వలేదు. ఏడిస్తే ఈ ఇంట్లో ఓదార్పు ఎవరికి దక్కాలో తారుమారవుతుందని ఆమెకు తెలుసు. గదిలోకి నడిచి, "ఈ మంచం ఇటు తిప్పితే?" అని మొదలుపెట్టింది. మంచాన్ని అడ్డంగా వేస్తే తలుపు తెరుచుకోదు. లిల్లీ మంచం తీసేస్తే జాగా ఉంది, లిల్లీకే లేదు. ఎన్ని విధాల కంటితో కొలిచినా తొమ్మిదడుగులు తొమ్మిదే. కంప్యూటర్‌లో అయితే ఏ మూలనైనా లాగి పెట్టేది.

"మాటలెందుకు," అంది లిల్లీ. హాల్లోకి వెళ్లి భర్త కుర్చీ చక్రాల బిగింపు తీసింది. కుర్చీని తోసుకుంటూ గుమ్మం దాటించి, మంచానికీ గోడకూ మధ్యనున్న సందులోకి కిటికీ దాకా తీసుకుపోయింది. కుర్చీ పోయింది. అటూ ఇటూ మూడేసి వేళ్ల ఎడం. ఆనందబాబు కాళ్లు ఎదుటి గోడకు జానెడు దూరంలో ఆగాయి. లిల్లీ సందులోంచి వెనక్కి నడిచి బయటికి వచ్చి, దారి ఇచ్చింది.

"తిప్పు ఈయన్ను," అంది మెర్లిన్‌తో. "నీడ సరిచేసినావు గదా. మనిషిని కూడా తిప్పి నాకు చూపించు."

మెర్లిన్ సందులోకి వెళ్లి పిడులు పట్టుకుంది. ఎడమకు తిప్పబోయింది. కాళ్లు పెట్టుకునే పలక గోడకు కొట్టుకుంది. కుడికి తిప్పబోయింది. వెనక చక్రం మంచం కోడుకు తగిలింది. కొద్దిగా ముందుకు, కొద్దిగా వెనక్కి, మళ్లీ ముందుకు. ఆనందబాబు పడిపోయిన చెయ్యి ఒళ్లోంచి జారి గోడకు ఒరుసుకుంటే, ఆమె వంగి ఆ చేతిని తీసి మళ్లీ తువ్వాలు మీద పెట్టింది. చెమటలు కారుతున్నాయి. గుమ్మంలో లిల్లీ చేతులు కట్టుకుని నిలబడే ఉంది. అయిదు నిమిషాలు గింజుకున్నాక ఇక చేసేదేమీ లేక, వచ్చిన దారినే, ఆయన్ను వెనక్కి వెనక్కి లాక్కుంటూ హాల్లోకి తెచ్చింది. వెలుతురు పడేచోట కుర్చీ ఆపి ఆయన ముందుకు వచ్చి నిలబడింది.

ఆనందబాబు ఆమెను గుర్తుపట్టాడు. ఈ రెండు నెలలూ ఆయన మంచంలో పడి లిల్లీ ఫోన్‌లో ఆ ఫోటోనే చూసుకుంటూ గడిపాడు. ఎవరి మంచం ఎక్కడ, కుర్చీ ఎక్కడ అని ఎడమచేతి వేలితో చూపించేవాడు. ఇప్పుడు నోరు ఒక పక్కకు లాక్కుపోతుంటే మాటను కూడదీసుకున్నాడు.

"ఫోటో... బాగుండెమ్మా," అన్నాడు. "మంచం... నిలబడె."

మెర్లిన్ ఆయన ముందర నిలబడలేక నేల మీద కూర్చుండిపోయింది. లిల్లీ వచ్చి, ఆమెను తప్పుకోమని కూడా అనకుండా, కుర్చీని ఆమె చుట్టూ తిప్పి భర్తను కిటికీ పక్కకు తీసుకుపోయింది.